కెమిస్ట్రీ బిట్‌లో తప్పు ఆప్షన్లను కారణం చెప్పి కొట్టేయడం ఎలా: pH ప్రశ్నలతో

ముందు ఈ బిట్ చదవండి. ఆన్సర్ పెట్టకండి, చదవండి చాలు.

0.1 M CH3COOH ద్రావణం 30 మి.లీ. తీసుకుని, అందులో 0.1 M NaOH ద్రావణం 20 మి.లీ. కలిపారు. వచ్చిన ద్రావణం pH ఎంత? (CH3COOH కి pKa = 4.74)

(1) 4.56  (2) 8.67  (3) 4.44  (4) 5.04

చిక్కడపల్లిలో సాయంత్రం పూట ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంటాను. ఈ బిట్ ఇస్తే ఒకమ్మాయి ఇరవై సెకన్లలో (2) అని పెట్టేసింది. "ఎలా పెట్టావమ్మా?" అని అడిగాను. "ఎలిమినేషన్ సార్. బలహీన ఆమ్లం, బలమైన క్షారం కలిస్తే pH 7 దాటుతుంది కదా. ఏడు దాటింది ఒక్కటే ఉంది, మిగతా మూడూ కొట్టేశాను" అంది.

చూడ్డానికి ఆ పిల్ల చేసిందంతా పద్ధతిగానే ఉంది. గుడ్డిగా పెట్టలేదు, ఒక సూత్రం గుర్తు చేసుకుంది, దాంతో మూడు ఆప్షన్లు తీసేసింది. అయినా తీసేసిన మూడింటిలోనే సరైన జవాబు ఉంది. ఆమె చెప్పిన సూత్రం తప్పు కాదు, కానీ దానికి ఒక షరతు ఉంది: ఆమ్లం, క్షారం రెండూ సరిగ్గా సరిపోయి, ఏదీ మిగలకుండా ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. ఇక్కడ ఆమ్లం మిగిలింది. షరతు చూడకుండా వాడిన సూత్రం కూడా అంచనాయే, కాకపోతే పిల్లలకు అది అంచనా అని తెలియదు. అందుకే ఇది గుడ్డిగా టిక్ పెట్టడం కంటే ప్రమాదం, ఎందుకంటే గుడ్డిగా పెట్టిన బిట్‌కి మళ్ళీ వెనక్కి వచ్చి చూస్తారు, దీనికి చూడరు.

కాబట్టి ఆప్షన్లు కొట్టేయడం నేర్చుకోవాలంటే, కొట్టేయడానికి చెప్పే కారణం ఎలా ఉండాలో ముందు నేర్చుకోవాలి. ఇంటర్ మొదటి సంవత్సరంలో వచ్చే ఆమ్లాలు-క్షారాల పాఠం దీనికి చాలా బాగుంటుంది. ఆ పాఠంలో ప్రతి తప్పుడు ఆప్షన్ వెనకా ఏ పొరపాటు ఉందో వేలు పెట్టి చూపించవచ్చు.

మొదటి మెట్టు: ఆప్షన్లు మూసి, బీకర్‌లో ఎవరు మిగిలారో చూడండి

ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు నిజంగానే అరచేత్తో ఆప్షన్లు మూయండి. కంప్యూటర్ మీద రాసే పరీక్షలో మూయలేరు కాబట్టి, చూపు రఫ్ పేపర్ మీదకు తిప్పేయండి. ఆప్షన్లు ముందే చూస్తే ఏదో ఒక సంఖ్య మనసుకి పట్టేస్తుంది, తర్వాత చేసే లెక్కంతా ఆ సంఖ్యకు సాక్ష్యం వెతుక్కోవడంలా తయారవుతుంది.

ఇప్పుడు మిల్లీమోల్స్ వేసుకోండి. మి.లీ. ని మొలారిటీతో గుణిస్తే మిల్లీమోల్స్ వస్తాయి. ఆమ్లం 30 × 0.1 = 3. క్షారం 20 × 0.1 = 2.

```
CH3COOH + NaOH -> CH3COONa + H2O
   3        2         0          (ముందు)
   1        0         2          (తర్వాత)
```

రెండు మిల్లీమోల్స్ క్షారం వచ్చి రెండు మిల్లీమోల్స్ ఆమ్లాన్ని తినేసింది, రెండు మిల్లీమోల్స్ లవణం తయారైంది, ఒక మిల్లీమోల్ ఆమ్లం మిగిలింది. బీకర్‌లో బలహీన ఆమ్లం, దాని లవణం పక్కపక్కనే ఉన్నాయి, అంటే ఇది బఫర్. ఈ రెండు వరుసలు రాయడానికి పదిహేను సెకన్లు కూడా పట్టదు. ఆ అమ్మాయి వదిలేసింది సరిగ్గా ఈ పదిహేను సెకన్లనే.

రెండో మెట్టు: లెక్క చేయకముందే హద్దులు గీయండి

జవాబు ఎంతో ఇంకా తెలియదు. కానీ ఎంతకీ ఎంతకీ మధ్య ఉండాలో ఇప్పుడే చెప్పవచ్చు. మెట్రోలో ఎల్బీనగర్ వైపు వెళ్తూ మలక్‌పేట దాటారు, దిల్‌సుఖ్‌నగర్ ఇంకా రాలేదు అనుకోండి. మీరు న్యూ మార్కెట్ దగ్గరో మూసారాంబాగ్ దగ్గరో ఉంటారు. కిటికీలోంచి చూడకపోయినా అమీర్‌పేటలో ఉన్నామని ఎవరూ అనరు. pH విషయంలోనూ ఇలాంటి స్టేషన్లు ఉన్నాయి. పై బిట్‌లో ఉన్న 30 మి.లీ. ఆమ్లానికే బ్యూరెట్‌తో NaOH చేరుస్తూ పోతే ఇవి వస్తాయి:

```
NaOH 0 mL   pH 2.87
NaOH 15 mL  pH 4.74
NaOH 30 mL  pH 8.72
NaOH 40 mL  pH 12.15
```

మొదటి వరుసలో ఉన్నది వట్టి ఆమ్లం. రెండోదానిలో సగం ఆమ్లం లవణంగా మారింది, రెండూ సమానం కాబట్టి pH సరిగ్గా pKa అయింది. మూడోదానిలో ఆమ్లం పూర్తిగా అయిపోయి లవణం ఒక్కటే ఉంది, తుల్య బిందువు అంటే ఇదే. "బలహీన ఆమ్లం, బలమైన క్షారం, pH ఏడు దాటుతుంది" అన్న మాట పుట్టింది ఇక్కడే. నాలుగోదానిలో క్షారం మిగిలిపోయింది, ఇక pH ని నిర్ణయించేది ఆ మిగిలిన NaOH మాత్రమే.

మన బిట్‌లో చేర్చింది 20 మి.లీ. కాబట్టి 15 దాటాం, 30 చేరలేదు. జవాబు 4.74 కంటే ఎక్కువ, 8.72 కంటే తక్కువ. ఈ హద్దు ఇంకా ఇరుకు చేయవచ్చు. బఫర్ సూత్రం ఇది:

```
pH = pKa + log([లవణం]/[ఆమ్లం])
```

pH 7 రావాలంటే ఆ log విలువ 2.26 కావాలి, అంటే లవణం ఆమ్లానికి సుమారు 180 రెట్లు ఉండాలి. మన దగ్గర రెండు రెట్లే ఉంది. కాబట్టి ఏడు దరిదాపులకు కూడా పోదు. హద్దు తేలింది: 4.74 కి పైన, 7 కి బాగా కింద. రఫ్ పేపర్ మీద "4.74 < pH < 7" అని రాసుకోండి. మనసులో అనుకుంటే చాలదు, రాయాలి. ఆప్షన్లు చూశాక మనసు హద్దును జరిపేస్తుంది.

"ఆమ్లం మిగిలింది కాబట్టి pH 7 కి తక్కువే" అని కొందరు పిల్లలు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఎసిటిక్ ఆమ్లానికి ఈ మాట దాదాపు ఎప్పుడూ నిలబడుతుంది. కానీ దీనికీ షరతుంది. HCN లాంటి మరీ బలహీనమైన ఆమ్లానికి pKa 9 దాటి ఉంటుంది, దాని బఫర్‌లో ఆమ్లం మిగిలి ఉన్నా pH 7 కి పైనే ఉండవచ్చు. అందుకే ఎవరు మిగిలారు అన్నదాంతో పాటు దాని pKa ఎంత అన్నది కూడా చూడండి.

మూడో మెట్టు: ఆప్షన్ తెరిచి, "ఏ పొరపాటు చేస్తే ఇది వస్తుంది?" అని అడగండి

పేపర్ తయారు చేసేవాళ్లు ఆప్షన్లలో ఏదో ఒక సంఖ్య పడేయరు. మంచి పేపర్‌లో ప్రతి తప్పు ఆప్షనూ ఒక విద్యార్థి నిజంగా చేసే పొరపాటుకి వచ్చే జవాబే. మీరు ఆ పొరపాటు చేస్తే మీ లెక్క ముగిసేసరికి ఆ సంఖ్య ఆప్షన్లలో ఎదురుచూస్తూ ఉంటుంది, "ఆప్షన్లో ఉంది కాబట్టి కరెక్టే" అని ముందుకెళ్ళిపోతారు. ఎర అంటే అదే. దాన్ని గుర్తు పట్టాలంటే ఎర వేసినవాళ్ళ దారిలో వెనక్కి నడవాలి.

8.67 చూడండి. లవణం 2 మిల్లీమోల్స్, మొత్తం 50 మి.లీ., అంటే 0.04 M. మిగిలిన ఆమ్లాన్ని మర్చిపోయి, లవణం ఒక్కటే ఉందనుకుని జలవిశ్లేషణ సూత్రం వేస్తే 7 + ½(4.74 + log 0.04), అది 8.67. హద్దుకి బయట ఉంది. దీన్ని కొట్టేయడానికి రాయాల్సిన కారణం రెండే మాటలు: "ఆమ్లం మిగిలింది".

4.56 చూడండి. చర్య జరగనట్టు, మొదట పోసిన 3 ఆమ్లాన్నీ 2 క్షారాన్నీ అలాగే సూత్రంలో పెడితే 4.74 + log(2/3) వస్తుంది, అది 4.56. pKa కి కింద ఉంది, మన హద్దుకి బయట. కారణం: "తీసివేయలేదు".

4.44 చూడండి. తీసివేత సరిగ్గానే చేశారు, 1, 2 అని వచ్చింది. కానీ సూత్రంలో తలకిందులుగా పెట్టారు: log(1/2) అంటే −0.30. ఇదీ pKa కి కిందే. కారణం: "లవణం ఎక్కువ, పైకి పోవాలి".

మిగిలింది 5.04. ఇది 4.74 + log 2. చూశారా, ఇక్కడ log 2 విలువ గుర్తు లేకపోయినా జవాబు తేలిపోయేది. లెక్క చివరిదాకా వెళ్ళకుండానే మూడు ఆప్షన్లు పోయాయి, పోయిన ప్రతిదానికీ పేరు పెట్టి కారణం చెప్పగలిగాం.

రఫ్ పేపర్ మీద ఇది ఎలా ఉండాలంటే, 1 2 3 4 అని అడ్డంగా రాసి, కొట్టేసిన అంకె కింద ఆ రెండు మాటలు రాయండి. కంప్యూటర్ పరీక్షలో తెర మీద గీత గీయలేరు, అందుకని ఈ నాలుగంకెలూ కాగితం మీదే ఉండాలి. కారణం రాయడానికి మాటలు దొరకలేదంటే ఆ ఆప్షన్‌ని కొట్టేయకండి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదలండి. "చూడ్డానికి బాగాలేదు", "ఇంత పెద్ద సంఖ్య రాదేమో", "మొన్న మూడు సార్లు (4) వచ్చింది కదా" లాంటివి కారణాలు కావు. "రెండు ఆప్షన్లు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటే వాటిలో ఒకటి కరెక్ట్" అని హాస్టళ్ళలో చెప్పుకునే చిట్కా కూడా ఈ కోవలోదే. అందులో కెమిస్ట్రీ లేదు.

నాలుగో మెట్టు: రెండు మిగిలితే, అవి ఎక్కడ విడిపోతున్నాయో అక్కడే లెక్క చేయండి

అదే బిట్‌కి ఆప్షన్లు ఇలా మారాయనుకోండి: (1) 4.44  (2) 8.67  (3) 5.22  (4) 5.04. మన హద్దు మొదటి రెంటినీ తీసేస్తుంది కానీ 5.22, 5.04 రెండూ హద్దు లోపలే ఉన్నాయి. చాలామంది ఇక్కడే బొమ్మా బొరుసూ వేస్తారు.

వేయకండి. రెండూ 4.74 లోంచే పుట్టాయి. తేడా ఎక్కడుంది? 5.22 లోంచి 4.74 తీస్తే 0.48, అది log 3. 5.04 లోంచి తీస్తే 0.30, అది log 2. అంటే ఈ బిట్ మిమ్మల్ని అడుగుతున్నది ఇప్పుడు ఒకే ఒక్క చిన్న ప్రశ్న: లవణానికీ ఆమ్లానికీ నిష్పత్తి మూడా, రెండా? నిష్పత్తి మూడు కావాలంటే, మిగిలిన ఆమ్లం 1 కాబట్టి లవణం 3 మిల్లీమోల్స్ ఉండాలి. పోసిన NaOH మొత్తం రెండే మిల్లీమోల్స్ కదా, మూడు మిల్లీమోల్స్ లవణం ఎక్కడి నుంచి వస్తుంది? సోడియం ఎంత పోశామో అంతకు మించి సోడియం లవణం రాదు. 5.22 పోయింది, కారణంతో సహా.

దీనికోసం log 2 = 0.30, log 3 = 0.48 ఈ రెండు గుర్తుంటే చాలు. మిగతావి వీటిలోంచే వస్తాయి: log 4 అంటే 0.60, log 5 అంటే 1 − 0.30 = 0.70, log 6 అంటే 0.78.

కొన్నిసార్లు ఇది కూడా సాగదు. ఆప్షన్లు 5.00, 5.04, 5.08, 5.12 అని ఇస్తే వాటి వెనక పొరపాట్లు ఉండవు, వరుసగా పేర్చిన సంఖ్యలంతే. అక్కడ ఏరివేతకు సమయం పాడు చేయకుండా నేరుగా లెక్క చేసేయండి. సంఖ్య టైప్ చేయమనే ప్రశ్నల్లో అసలు ఆప్షన్లే ఉండవు, అక్కడ హద్దు గీయడం మీ లెక్కని సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

సూత్రం వేస్తే మోసపోయే బిట్

25 డిగ్రీల దగ్గర 10⁻⁸ M HCl ద్రావణం pH ఎంత? (1) 8  (2) 7  (3) 6.98  (4) 6

ఇది పాత బిట్, కానీ ఏరివేతకి ఇంత చక్కటి ఉదాహరణ నాకు ఇంకోటి దొరకలేదు. సూత్రం వేస్తే −log 10⁻⁸ = 8, అది మొదటి ఆప్షన్‌లోనే ఉంది. వేగంగా చేసేవాళ్ళు ముందు పడిపోయేది దానికే. మీరు సూత్రం పక్కన పెట్టి బీకర్ చూడండి.

నీళ్ళలో ఆమ్లం వేశాం. ఎంత తక్కువ వేసినా నీళ్ళు క్షారంగా మారవు. 8 పోయింది. వట్టి నీళ్ళకే 7 ఉంటుంది, దానికి ఇంకొంచెం ఆమ్లం తోడైంది కాబట్టి 7 కంటే కాస్తయినా కిందికి రావాలి. 7 పోయింది. ఇక 6. pH 6 రావాలంటే H⁺ గాఢత 10⁻⁶ కావాలి. ఆమ్లం ఇచ్చేది 10⁻⁸. నీళ్ళు తమంతట తాము ఇవ్వగలిగింది మహా అయితే 10⁻⁷. రెండూ కలిపినా 1.1 × 10⁻⁷ దాటదు, అంటే 10⁻⁶ లో పదో వంతుకి కాస్త పైన. 6 పోయింది. మిగిలింది 6.98.

దీనిలో ఒక సూక్ష్మం ఉంది. కొందరు 10⁻⁸ ని 10⁻⁷ కి నేరుగా కలిపి 1.1 × 10⁻⁷ అని రాసి 6.96 తెస్తారు. ఆమ్లం వేశాక నీటి అయనీకరణం కొంచెం తగ్గుతుంది కాబట్టి నీళ్ళు ఇచ్చేది పూర్తి 10⁻⁷ ఉండదు. వర్గ సమీకరణం వేస్తే H⁺ 1.05 × 10⁻⁷ వస్తుంది, pH 6.98. రెండూ ఆప్షన్లలో ఉంటే 6.98 పెట్టండి, ఆ తేడా తెలుసో లేదో చూడటానికే పక్కపక్కన ఇచ్చారని అర్థం.

ఇంకో మాట. "7 అంటే తటస్థం" అన్నదానికి కూడా షరతు ఉంది, అది 25 డిగ్రీలు. అందుకే ఆ ఉష్ణోగ్రతని బిట్‌లో రాశాను. నీళ్ళు వేడెక్కితే Kw పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర శుద్ధమైన నీటి pH సుమారు 6.5. ఆ నీళ్ళు ఆమ్లం అయిపోయినట్టు కాదు, H⁺, OH⁻ రెండూ సమానంగానే పెరిగాయి, అవి తటస్థమే. ప్రశ్నలో ఉష్ణోగ్రత గానీ, Kw విలువ గానీ విడిగా ఇచ్చారంటే, "7 కి తక్కువ కాబట్టి ఆమ్లం" అని కొట్టేయకుండా ఆగండి.

క్రమం అడిగే బిట్లు

0.1 M ద్రావణాలు ఐదు ఇచ్చి pH పెరిగే క్రమం అడుగుతారు:

(1) HCl < NH4Cl < NaCl < CH3COONa < NaCN
(2) HCl < NaCl < NH4Cl < CH3COONa < NaCN
(3) NH4Cl < HCl < NaCl < CH3COONa < NaCN
(4) HCl < NH4Cl < NaCl < NaCN < CH3COONa

ఐదింటికీ pH కట్టనక్కర్లేదు. మీకు బాగా ఖాయమైన జంట ఒకటి పట్టుకోండి. ఒకే గాఢతలో బలమైన ఆమ్లం HCl అన్నిటికంటే కింద ఉండాలి, (3) పోయింది. NH4Cl బలహీన క్షారం, బలమైన ఆమ్లం లవణం, కొంచెం ఆమ్లంగా ఉంటుంది, NaCl తటస్థం. NH4Cl కింద ఉండాలి, (2) పోయింది. (1), (4) పక్కపక్కన పెట్టి చూడండి, చివరి జంట తప్ప అంతా ఒకటే. ఇక ప్రశ్న ఒక్కటే: CH3COONa, NaCN లలో ఏది ఎక్కువ క్షారం? ఎసిటిక్ ఆమ్లం కంటే HCN చాలా బలహీనం, కాబట్టి దాని అయాన్ CN⁻ నీటి నుంచి H⁺ ని ఎక్కువగా లాగుతుంది, OH⁻ ఎక్కువ మిగులుతుంది. NaCN పైన. జవాబు (1).

ఇలాంటి బిట్లలో జరిగే పొరపాటు ఒకటే. పెరిగే క్రమమా, తగ్గే క్రమమా అన్నది చూడరు. అడిగిన దిక్కుని రఫ్ పేపర్ మీద బాణం గుర్తుతో వేసుకోండి. "కింది వాటిలో సరికానిది ఏది" అన్నప్పుడు కూడా ఇదే. ప్రతి వాక్యం పక్కన ముందు ఒప్పు, తప్పు అని రాసి, అప్పుడు ప్రశ్న మళ్ళీ చదవండి. ఏరివేస్తూ ఏరివేస్తూ ఒప్పుగా ఉన్నదాన్ని జవాబుగా పెట్టేసేవాళ్ళని ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

రెండు మిగిలి, దారి దొరక్కపోతే

అన్నీ చేశాక కూడా రెండు మిగలవచ్చు. అప్పుడు పెట్టాలా వద్దా అన్నది ఏ పరీక్ష రాస్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది. తెలంగాణ ఈఏపీసెట్‌లో తప్పుకి మార్కు తీయరు, కాబట్టి అక్కడ ఏ బిట్టూ ఖాళీగా వదలకండి. అక్కడ ఇంజినీరింగ్ పేపర్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, కెమిస్ట్రీవి 40. సగటున ఒక్కోదానికి నిమిషం కొంచెం పైన. అందుకే నేను పైన చెప్పిన హద్దులు, రెండు మాటల కారణాలు ఇంత పొట్టిగా ఉన్నాయి.

జేఈఈ మెయిన్, నీట్ లో ఒప్పుకి 4, తప్పుకి మైనస్ 1. నాలుగింటిలో గుడ్డిగా పెడితే సగటున వచ్చేది పావు మార్కు, అంటే దాదాపు ఏమీ లేదు. ఒకదాన్ని కారణంతో తీసేస్తే అది 0.67 అవుతుంది, రెండు తీసేస్తే 1.5. ఈ లెక్క ఒక్క షరతు మీద నిలబడింది: మీరు తీసేసినవి నిజంగా తప్పు ఆప్షన్లు అయి ఉండాలి. ఆ అమ్మాయిలా సరైన జవాబునే తీసేస్తే, మిగిలిన వాటిలో ఏది పెట్టినా మైనస్ 1 ఖాయం. అందుకే నేను పిల్లలకు చెప్పేది, అరకొర కారణంతో రెండు కొట్టేసేకంటే గట్టి కారణంతో ఒకటి కొట్టేయండి అని.

మీ కారణాలను మీరే పరీక్షించుకోండి

మాక్ టెస్ట్ అయ్యాక ఎన్ని ఒప్పు, ఎన్ని తప్పు అని లెక్కపెట్టి పేపర్ పక్కన పడేస్తారు చాలామంది. రఫ్ పేపర్ పారేయకండి. ప్రతి బిట్‌కీ కొట్టేసిన అంకెల కింద రాసిన రెండేసి మాటలు చూడండి. ఒప్పయిన బిట్లలో కూడా చూడండి, ఎందుకంటే తప్పుడు కారణంతో సరైన జవాబు రావడం ఈ పాఠంలో మామూలే. 8.67 సరైన జవాబుగా ఉన్న బిట్ వస్తే, ఆ అమ్మాయి పాత సూత్రంతోనే మార్కు తెచ్చుకునేది.

ఒక నోట్‌బుక్ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మీరు వాడిన కారణం, కుడివైపు దాని షరతు. ఎడమవైపు "బలహీన ఆమ్లం + బలమైన క్షారం, pH 7 పైన", కుడివైపు "రెండూ సరిగ్గా సరిపోయినప్పుడు మాత్రమే". ఎడమవైపు "సోడియం లవణం అంటే క్షారం", కుడివైపు "NaHSO4 కి చెల్లదు, అందులో H⁺ ఇంకా ఉంది, ద్రావణం ఆమ్లంగా ఉంటుంది". ఎడమవైపు "pH 7 అంటే తటస్థం", కుడివైపు "25 డిగ్రీల దగ్గర". ఈ పాఠం మొత్తానికి ఇలాంటి వరుసలు పదిహేను, ఇరవై మించి రావు.

మొదట్లో నెమ్మదిగా చేయండి. ఒక రోజుకి పది బిట్లు, గడియారం లేకుండా, ప్రతి బిట్‌కీ మూడు కారణాలు రాస్తూ. ప్రతి తప్పు ఆప్షన్ ఏ పొరపాటు నుంచి వచ్చిందో కనిపెట్టాకే తర్వాతి బిట్‌కి వెళ్ళండి. కొన్నింటికి ఎంత వెతికినా పొరపాటు దొరకదు, వాటిని వదిలేయండి, అన్ని ఆప్షన్లూ అంత శ్రద్ధగా తయారు చేసినవి కావు. రెండు మూడు వారాలయ్యాక గడియారం పెట్టుకోండి.

ఆ అమ్మాయికి రెండు వారాల తర్వాత అదే బిట్ కొంచెం మార్చి ఇచ్చాను. ఈసారి CH3COOH బదులు NH3, pKb 4.74, అది 30 మి.లీ., 0.1 M HCl 20 మి.లీ. ఆప్షన్లు 8.96, 9.56, 5.33, 5.04. ఆప్షన్ల మీద పుస్తకం పెట్టి, మిల్లీమోల్స్ వేసింది: అమ్మోనియా 1 మిగిలింది, NH4Cl 2. pKb ని 14 లోంచి తీసి 9.26 రాసుకుంది, లవణం ఎక్కువ కాబట్టి దానికి కిందికి రావాలంది. పుస్తకం తీసింది. 9.56 కింద "తలకిందులు" అని రాసింది, 5.33 కింద "అమ్మోనియా మిగిలింది" అని రాసింది. 5.04 దగ్గర కాసేపు ఆగి, "సార్, ఇది pOH కదా, 14 లోంచి తీయడం మర్చిపోతే వచ్చేది" అంది. 8.96 కి సున్నా చుట్టింది.